54 ఏళ్లకు ఉద్యోగం మానితే 70 దాకా ఆసుపత్రి ఖర్చు ఎవరిది?

రాయగడ, గుణుపురం, జైపూర్, పర్లాకిమిడి, బరంపురం వైపు తెలుగు కుటుంబాల్లో ఈమధ్య రెండు వార్తలు గట్టిగా చర్చకు వచ్చాయి. మొదటిది, 2025 ఏప్రిల్‌లో ఒడిశా ప్రభుత్వం ఆయుష్మాన్ భారత్‌ను తన గోపబంధు జన ఆరోగ్య యోజనతో కలిపి అమలు చేయడం మొదలుపెట్టింది. రెండోది, అదే ఏడాది సెప్టెంబరు 22 నుంచి కుటుంబాలు సొంతంగా కొనుక్కునే ఆరోగ్య బీమా ప్రీమియంపై 18 శాతం జీఎస్టీ పోయింది. ఈ రెండూ విన్నాక, స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకుందామా అని ఆలోచిస్తున్న చాలామందికి ఒక ధీమా కలిగింది: ప్రభుత్వ కార్డు ఎలాగూ ఉంటుంది, బీమా కూడా చవకైంది, ఇక వైద్యం గురించి బెంగ ఎందుకు అని.

ఆ ధీమాలో కొంత నిజం ఉంది. అయితే ఆ కార్డు ఎవరికి, ఏ వయసులో వస్తుందో, కొన్న బీమా ఎప్పటినుంచి పూర్తిగా పనిచేస్తుందో విడదీసి చూస్తే మధ్యలో పెద్ద ఖాళీ బయటపడుతుంది. ఆ ఖాళీ ఎంత పొడవుంటుందన్నది చాలావరకు ఉద్యోగం వదలడానికి ముందు మూడేళ్లలో ఏం చేశామన్నదాని మీదే ఆధారపడుతుంది. ఈ వ్యాసం ముఖ్యంగా ఆ మూడేళ్ల గురించే.

## పింఛను వయసు వేరు, వైద్యం వయసు వేరు

ముందుగా వయసుల లెక్క. ఉద్యోగుల పింఛను పథకం కింద, అంటే పీఎఫ్‌తో పాటు వచ్చే పింఛను, పూర్తిగా అందేది 58 ఏళ్లకు. పదేళ్ల సర్వీసు ఉంటే 50 నుంచే ముందస్తుగా తీసుకోవచ్చు కానీ 58కి ఎన్నేళ్లు తక్కువైతే అన్నేళ్లకు ఏడాదికి 4 శాతం చొప్పున తగ్గుతుంది. జాతీయ పింఛను వ్యవస్థకు మామూలు వయసు 60. ఇవన్నీ డబ్బు వచ్చే వయసులు. వీటిలో ఏదీ ఆసుపత్రి బిల్లు కట్టదు.

ఆదాయంతో, రేషన్ కార్డుతో సంబంధం లేకుండా ప్రభుత్వం అందరికీ ఆసుపత్రి ఖర్చు భరించేది 70 నిండాకే. 2024 అక్టోబరు 29న మొదలైన ఆయుష్మాన్ వయ వందన కార్డు ఇది. ఏడాదికి 5 లక్షల రూపాయల దాకా చికిత్స దీని కింద ఉచితం. పాత జబ్బులకు కూడా మొదటి రోజు నుంచే వర్తిస్తుంది. సొంత బీమా ఉన్నవాళ్లూ తీసుకోవచ్చు.

70కి ముందు ఒడిశాలో గోపబంధు పథకం వర్తించాలంటే జాతీయ ఆహార భద్రత కార్డు గానీ, రాష్ట్ర ఆహార భద్రత పథకం కార్డు గానీ ఉండాలి. అవి ఉన్న కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు, ఇంట్లోని మహిళలకు అదనంగా మరో 5 లక్షలు. కాగితపు మిల్లులోనో, బ్యాంకులోనో, ప్రైవేటు కళాశాలలోనో పాతికేళ్లు జీతం తీసుకున్న కుటుంబానికి ఆ కార్డు సాధారణంగా ఉండదు. జీతం ఆగిన మర్నాడు అది వచ్చి చేతిలో పడదు కూడా. అందువల్ల 54 ఏళ్లకు ఉద్యోగం వదిలిన మధ్యతరగతి మనిషికి 16 ఏళ్లపాటు ఏ పథకమూ వర్తించకపోవచ్చు.

ఇదే మహారాష్ట్ర వైపు సిరోంచాలోనో బల్లార్షాలోనో ఉన్న తెలుగువాళ్లకు పరిస్థితి వేరు. అక్కడ మహాత్మా జ్యోతిరావు ఫులే పథకాన్ని రేషన్ కార్డు రంగుతో నిమిత్తం లేకుండా రాష్ట్ర వాసులందరికీ విస్తరించారు. అందుకే సరిహద్దు జిల్లాల్లో బంధువుల అనుభవం విని మనకూ అంతే అనుకోవడం ప్రమాదం. నియమాలు రాష్ట్రం దాటగానే మారిపోతాయి.

## వైద్యం విశాఖలో, కార్డు ఒడిశాలో

రాయగడలో గుండె నొప్పి వస్తే చాలా ఇళ్లలో మొదట తలపుకొచ్చేది విశాఖపట్నం. భాష తెలిసిన వైద్యులు, రైలు సౌకర్యం, అక్కడే ఉన్న చుట్టాలు, అన్నీ అటే లాగుతాయి. దీంతో ఒక అపోహ పుట్టింది: విశాఖలో చికిత్స కాబట్టి ఆంధ్రప్రదేశ్ ఆరోగ్యశ్రీ, అంటే ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ, పనికొస్తుందని. అది ఆంధ్రప్రదేశ్ నివాసులకు, అక్కడి కార్డు ఉన్నవాళ్లకు. చికిత్స ఎక్కడ జరుగుతోందన్నది కాక, కుటుంబం ఏ రాష్ట్రానిదన్నదే అక్కడ లెక్క.

పార్వతీపురంలోని అన్న కార్డులోనో, కొడుకు కార్డులోనో పేరు చేర్పించుకుంటే సరిపోతుందని కొందరు సలహా ఇస్తారు. రేషన్ కార్డులన్నీ ఆధార్‌తో ముడిపడి ఉన్నాయి. రెండు చోట్ల పేరు ఉంటే ఒకచోట తొలగిస్తారు. అది తెలిసేది ఆసుపత్రి కౌంటరు దగ్గర అయితే, ఆ సమయంలో చేయగలిగింది ఏమీ ఉండదు.

ఒడిశా ఆయుష్మాన్ కార్డు ఉన్నవాళ్లకు మాత్రం మేలు జరిగింది. కేంద్ర పథకంలో కలవడం వల్ల, ఇతర రాష్ట్రాల్లో ఆ పథకం కింద నమోదైన ఆసుపత్రుల్లోనూ చికిత్స పొందే వీలు వచ్చింది. నమోదు కాని ఆసుపత్రిలో కార్డు చెల్లదు. నమోదైన ఆసుపత్రి కూడా అన్ని రకాల చికిత్సలకూ నమోదై ఉండకపోవచ్చు. ఎముకల విభాగానికి నమోదై, గుండె విభాగానికి కాకపోవడం మామూలే.

## ఏడాదికి 120 రూపాయలతో మిగిలే ఈఎస్ఐ

ఈ మొత్తం విషయంలో అందరికంటే తక్కువమందికి తెలిసిన సంగతి ఇదేననిపిస్తుంది. నెల జీతం 21,000 రూపాయల లోపు ఉండి ఈఎస్ఐ కోత పడుతున్న కార్మికులు, ఉద్యోగం వదలగానే ఆ వైద్యం కూడా పోయిందని అనుకుంటారు. కనీసం ఐదేళ్లు ఈఎస్ఐలో ఉండి, వయసు నిండి పదవీ విరమణ చేసినా, స్వచ్ఛంద పదవీ విరమణ పథకం కింద తప్పుకున్నా, ముందస్తుగా విరమించినా, నెలకు 10 రూపాయల చొప్పున ఏడాదికి ఒకేసారి 120 కడితే తనకూ జీవిత భాగస్వామికీ వైద్యం కొనసాగుతుంది. రాయగడ పక్కన జేకేపూర్‌లో ఈఎస్ఐ ఆసుపత్రి ఉంది కాబట్టి ఈ వైపు వాళ్లకు ఇది కాగితం మీది హక్కు మాత్రమే కాదు.

చిక్కు ఎక్కడంటే, ఇక్కడ విరమణ అని యజమాని రాసివ్వాలి. ఉత్తినే రాజీనామా చేసిన కార్మికుడి పత్రంలో రాజీనామా అని ఉంటే దరఖాస్తు దగ్గర ఇబ్బంది వస్తుంది. గుత్తేదారు కింద పనిచేసినవాళ్లకు ఇది మరీ కష్టం. ఐదేళ్లలో గుత్తేదారులు మారిపోతారు, ఒక్కొక్కరు ఒక్కో కొత్త ఈఎస్ఐ నంబరు తీసి ఉంటారు, ఆ నంబర్లను కలపకపోతే ఐదేళ్లు నిండినట్టు రికార్డులో కనపడదు. ఇది పనిలో ఉండగా తేల్చుకోగలిగిన విషయం. పని వదిలాక ఆ గుత్తేదారు దొరకడమే గగనం.

## ముందునుంచి ఉన్న జబ్బు, మూడేళ్ల గడువు

ఈఎస్ఐ పరిధి దాటిన జీతగాళ్లకు మిగిలేది సొంత ఆరోగ్య బీమా. ఇక్కడే అసలు కథ మొదలవుతుంది.

కంపెనీ ఇచ్చే సామూహిక బీమాలో సాధారణంగా బీపీ, షుగర్ ఉన్నా మొదటి రోజు నుంచే ఖర్చు చెల్లిస్తారు. వైద్య పరీక్షలు ఉండవు. ప్రీమియం మన జేబులోంచి పోయినట్టు కూడా తెలియదు. కానీ ఉద్యోగం ముగిసిన రోజే అదీ ముగుస్తుంది. కొన్ని కంపెనీలు విరమణ చేసినవాళ్లకు డబ్బు కట్టించుకుని కొనసాగిస్తాయి. ఎక్కువ కంపెనీలు కొనసాగించవు.

సొంతంగా కొనే పాలసీకి మూడు నిరీక్షణ గడువులు ఉంటాయి. ప్రమాదాలు తప్ప వేరే ఏ జబ్బుకైనా మొదటి 30 రోజులు డబ్బు రాదు. కంటి శుక్లాలు, హెర్నియా, మోకాలి చిప్ప మార్పిడి వంటి ఒక జాబితాకు చాలా పాలసీల్లో రెండేళ్లు. ఇక పాలసీ తీసుకునే నాటికే ఉన్న జబ్బుకు, దానివల్ల వచ్చే ఉపద్రవాలకు గరిష్ఠంగా మూడేళ్లు. ఇది ఇంతకుముందు నాలుగేళ్లు ఉండేది. బీమా నియంత్రణ సంస్థ 2024 ఏప్రిల్ నుంచి మూడుకు తగ్గించింది.

ఒక ఇంటిని ఊహించి చూద్దాం. ఆయనకు 54, ఆవిడకు 49. ఆయనకు ఆరేళ్లుగా షుగర్, నాలుగేళ్లుగా బీపీ. ఆవిడకు థైరాయిడ్. రాయగడలో సొంత ఇల్లు. మార్చి 31న ఆయన ఉద్యోగం వదిలారు. చేతికొచ్చిన డబ్బులో కొంత అమ్మాయి పెళ్లికి, కొంత ఇంటి పై అంతస్తుకు పోయింది. జులైలో తీరిక దొరికి 10 లక్షల కుటుంబ పాలసీ కొన్నారు. జబ్బులన్నీ నిజాయితీగా రాశారు. ఏడాదిన్నర తర్వాత ఛాతీ నొప్పి వచ్చింది. విశాఖలో స్టెంటు వేశారు. బిల్లు 2,80,000 రూపాయలు. గుండె జబ్బు పాత షుగర్, బీపీల పర్యవసానమని, మూడేళ్లు నిండలేదని బీమా సంస్థ చెల్లించలేదు. మొత్తం చేతినుంచి పోయింది. పైగా ఆ ఏడాది ప్రీమియం కట్టే ఉన్నారు.

అదే ఇంట్లో, అదే పాలసీని ఆయన 51వ ఏట, కంపెనీ బీమా ఉండగానే కొని ఉంటే? మూడేళ్లూ ఉద్యోగంలో ఉండగానే గడిచిపోయేవి. ఏడాదికి 30,000 అనుకుంటే ఆ మూడేళ్ల ప్రీమియం 90,000. వాడని పాలసీకి 90,000 కట్టడం దండగ అని ఇంట్లో అనిపించడం సహజం. అయితే ఆ డబ్బుతో వాళ్లు కొన్నది అప్పటి చికిత్స కాదు, 54వ ఏట మొదటి రోజు నుంచి పూర్తిగా పనిచేసే పాలసీని. ఇది నా దృష్టిలో ముందస్తు విరమణ ప్రణాళికలో అన్నింటికన్నా లాభసాటి ఖర్చు. అయితే ఏ జబ్బూ లేని మనిషికి ఈ వాదన అంత బలంగా వర్తించదు. అతను ఏడాది ముందు కొన్నా పెద్ద తేడా ఉండదు. కాకపోతే 51కి, 54కి మధ్య జబ్బు బయటపడదని ఎవరూ చెప్పలేరు. బయటపడ్డాక సంస్థ ప్రీమియం పెంచవచ్చు, పాలసీ ఇవ్వననీ అనవచ్చు.

## కంపెనీ బీమా నుంచి సొంత బీమాకు మారడం

మూడేళ్ల ముందు కొననివాళ్లకు మరో దారి ఉంది. సామూహిక బీమాలో ఉన్న సభ్యుడు బయటికి వచ్చేటప్పుడు, అదే బీమా సంస్థ అమ్మే వ్యక్తిగత పాలసీలోకి మారవచ్చు. అప్పటిదాకా సామూహిక బీమాలో గడిపిన కాలాన్ని నిరీక్షణ గడువులో కలిపి లెక్కిస్తారు. మన ఉదాహరణలోని ఆయన ఒకే సంస్థ సామూహిక బీమాలో నాలుగేళ్లు ఉన్నారనుకుంటే, షుగర్‌కు మళ్లీ మూడేళ్లు ఆగక్కర్లేదు.

దీనికి పరిమితులు ఉన్నాయి. ఆ లాభం పాత బీమా మొత్తం వరకే. కంపెనీలో 3 లక్షలు ఉండి, కొత్తగా 10 లక్షలకు తీసుకుంటే, పై 7 లక్షలకు గడువు మొదటినుంచి నడుస్తుంది. ప్రీమియం కొత్త పాలసీ లెక్క ప్రకారమే ఉంటుంది. ఆరోగ్యం చూసి సంస్థ షరతులు పెట్టవచ్చు. అన్నిటికంటే ముఖ్యంగా, మధ్యలో విరామం రాకూడదు. చివరి పని దినం దాటి, పెళ్లి పనులయ్యాక చూద్దామంటే ఆ తలుపు మూసుకుపోతుంది. మార్పు కోరేవాళ్లు బీమా గడువు ముగియడానికి కొన్ని వారాల ముందే దరఖాస్తు చేయాలి. విరమణ ఉత్తర్వు చేతికి వచ్చాక ఆ పని మొదలుపెడితే తరచుగా ఆలస్యమైపోతుంది.

పాలసీ దరఖాస్తులో జబ్బు దాచడం గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఏజెంట్లలో కొందరు దాన్ని సలహాగా ఇస్తారు. ఐదేళ్లు నిరంతరాయంగా ప్రీమియం కట్టాక, మోసం రుజువైతే తప్ప దాచారన్న కారణంతో సంస్థ క్లెయిము తిరస్కరించలేదన్న నియమాన్ని వాళ్లు చూపిస్తారు. ఆ ఐదేళ్ల లోపు పట్టుబడే మార్గం చాలా మామూలుది. రోగిని అత్యవసర విభాగానికి తీసుకెళ్లినప్పుడు డాక్టరు ఎన్నాళ్ల నుంచి షుగర్ ఉందని అడుగుతారు. పక్కనున్న కొడుకు కంగారులో పదేళ్ల నుంచి అని నిజం చెబుతాడు. అది కేసు షీటులోకి, డిశ్చార్జి కాగితంలోకి ఎక్కుతుంది. పాలసీ వయసు రెండేళ్లు. అక్కడితో క్లెయిము ఆగిపోతుంది, పాలసీ కూడా రద్దు కావచ్చు. జబ్బు రాసి మూడేళ్లు ఆగడం కంటే ఇది ఎన్నో రెట్లు ఖరీదైన దారి.

## పాలసీ ఉన్నా జేబునుంచి పోయేది

పూర్తిగా పనిచేసే పాలసీ ఉన్నా, బిల్లు మొత్తం వస్తుందని కాదు. సరిహద్దు జిల్లాల వాళ్లను ఎక్కువగా దెబ్బతీసేవి రెండు.

మొదటిది గది అద్దె పరిమితి. 5 లక్షల పాలసీలో రోజుకు ఒక శాతం, అంటే 5,000 దాకానే గది అద్దె ఇస్తామని ఉందనుకుందాం. విశాఖలో 8,000 గది తీసుకుని నాలుగు రోజులు ఉన్నారు. గదికి 32,000, శస్త్రచికిత్స, వైద్యుల ఫీజులు వగైరా 1,60,000, మందులు, పరికరాలు, పరీక్షలకు 1,00,000. మొత్తం 2,92,000. చాలామంది గది తేడా 12,000 మాత్రమే తమ మీద పడుతుందని లెక్కేస్తారు. కానీ ఇలాంటి పాలసీల్లో గదితో ముడిపడిన ఖర్చులన్నీ అదే నిష్పత్తిలో తగ్గుతాయి. ఎనిమిదింట ఐదు వంతుల లెక్కన గదికి 20,000, శస్త్రచికిత్స, ఫీజులకు 1,00,000 వస్తాయి. మందులు, పరికరాలు, పరీక్షలకు ఈ కోత వర్తించదు కాబట్టి లక్ష పూర్తిగా వస్తుంది. చేతికొచ్చేది 2,20,000. జేబునుంచి పోయేది 72,000. గది పరిమితి లేని పాలసీకి ప్రీమియం కాస్త ఎక్కువే అయినా, వైద్యం కోసం పెద్ద నగరానికి వెళ్లక తప్పని మనలాంటి ఊళ్లవాళ్లకు ఆ తేడా కట్టడం సబబే.

రెండోది ప్రాంతాల వారీ వాటా. కొన్ని సంస్థలు దేశాన్ని మండలాలుగా విడగొట్టి, చిన్న ఊళ్లవాళ్లకు తక్కువ ప్రీమియానికి పాలసీ అమ్ముతాయి. దానికి ప్రతిగా, ఖరీదైన నగరంలో చికిత్స తీసుకుంటే బిల్లులో కొంత శాతం రోగి భరించాలన్న షరతు ఉంటుంది. రాయగడ చిరునామాతో కొన్న పాలసీతో హైదరాబాదులో 4,00,000 బిల్లు అయి, షరతు 20 శాతమైతే, 80,000 మనదే. ప్రీమియం ఎందుకు తక్కువ ఉందో ఏజెంటును అడిగినప్పుడు ఈ విషయం బయటికి రాకపోతే, పాలసీ పత్రంలో మండలం అన్న మాట దగ్గర కనిపిస్తుంది.

## సూపర్ టాప్‌అప్ ఎందుకు చవక

10 లక్షలో 20 లక్షలో పాలసీ మొత్తంగా కొనడం భారమైతే, 5 లక్షల మూల పాలసీకి సూపర్ టాప్‌అప్ జోడిస్తారు. ఏడాదిలో బిల్లులన్నీ కలిపి 5 లక్షలు దాటాకే అది పనిచేస్తుంది, అందుకే ప్రీమియం తక్కువ. పేరులో సూపర్ అన్న మాట ఉందో లేదో చూడాలి. ఒకే ఏడాది 4 లక్షలు, 3 లక్షల బిల్లులు రెండు వచ్చాయనుకోండి. మూల పాలసీ 5 లక్షలు ఇస్తుంది. మామూలు టాప్‌అప్ ఒక్కో బిల్లును విడిగా చూస్తుంది, ఏదీ 5 లక్షలు దాటలేదు కాబట్టి ఏమీ ఇవ్వదు. సూపర్ టాప్‌అప్ రెండింటినీ కలిపి చూసి మిగిలిన 2 లక్షలు ఇస్తుంది. దీనికీ నిరీక్షణ గడువులు విడిగా ఉంటాయి, కనుక దీన్నీ మూల పాలసీతో పాటే ముందుగా కొనడంలో అర్థం ఉంది.

## ఎంత పక్కన పెట్టాలి: ఒక లెక్క

మన ఉదాహరణ ఇంటికే వద్దాం. ఇద్దరికీ కలిపి తొలి ఏడాది ప్రీమియం 45,000 అనుకుందాం. వయసు పెరగడం, ధరలు పెరగడం కలిపి ఏటా 10 శాతం పెరుగుతుందని లెక్కిద్దాం. ఇక ఆసుపత్రిలో చేరకుండా అయ్యే ఖర్చు ఉంటుంది: నెల మందులు, రక్త పరీక్షలు, డాక్టరు ఫీజు, విశాఖ ప్రయాణాలు. మామూలు పాలసీ గానీ, ప్రభుత్వ పథకం గానీ దీన్ని పెద్దగా భరించవు. ఇద్దరికీ ఏడాదికి 50,000 అనుకుని, ఏటా 8 శాతం పెంచుదాం. ఇవి నేను లెక్క కోసం తీసుకున్న అంకెలు. ఎవరి ఇంటి అంకెలు వాళ్లు వేసుకోవాల్సిందే.

54 నుంచి 70 దాకా 16 ఏళ్లలో ప్రీమియానికి పోయేది దాదాపు 16 లక్షలు, బయటి ఖర్చులకు 15 లక్షలు. ఇంత పెద్ద మొత్తం చూసి భయపడనక్కర్లేదు, ఎందుకంటే ఇది ఒక్కసారిగా ఖర్చయ్యేది కాదు. మిగిలిన డబ్బు బ్యాంకులోనో మరోచోటో పన్నులు పోను ఏటా 7 శాతం తెస్తుంటే, విరమణ రోజున ఈ రెండింటికీ కలిపి పక్కన పెట్టాల్సింది సుమారు 17.5 లక్షలు. దీనికి తోడు, పాలసీ చెల్లించని కోతల కోసం, ముందుగా బిల్లు కట్టి తర్వాత రాబట్టుకోవాల్సిన సందర్భాల కోసం 3 లక్షలు వెంటనే తీయగలిగేలా ఉండాలి.

ఈ లెక్కలో ఏ అంకె తప్పితే ఎక్కువ నష్టమో గమనించాలి. ప్రీమియం పెరుగుదలదే అది. 10 శాతం చొప్పున పెరిగితే, 45,000 ఉన్నది 69వ ఏటికి 1,88,000 అవుతుంది. 60 దాటినవాళ్ల ప్రీమియాన్ని ఏడాదిలో 10 శాతం కంటే ఎక్కువ పెంచాలంటే ముందుగా తమను సంప్రదించాలని నియంత్రణ సంస్థ 2025 జనవరిలో బీమా సంస్థలను ఆదేశించింది. 54 నుంచి 60 దాకా ఉన్నవాళ్లకు ఆ రక్షణ వర్తించదు. ముందస్తుగా విరమించిన వాళ్లు సరిగ్గా ఆ ఆరేళ్లలోనే ఉంటారు.

బయటి ఖర్చును మాత్రం కొంత అదుపు చేయవచ్చు. బీపీ, షుగర్, థైరాయిడ్ మందులు జన ఔషధి దుకాణాల్లో బ్రాండు మందుల ధరలో చిన్న వంతుకే దొరుకుతాయి. ఒడిశా ప్రభుత్వ ఆసుపత్రుల్లో నిరామయ పథకం కింద చాలా మందులు ఉచితం, దానికి ఆదాయ పరిమితి లేదు. బరంపురంలోని ఎంకేసీజీ, కొరాపుట్‌లోని షహీద్ లక్ష్మణ్ నాయక్ వైద్య కళాశాల ఆసుపత్రుల్లో నిపుణులకు చూపించుకుని మందులు తెచ్చుకునేవాళ్లకు, విశాఖ ప్రైవేటు క్లినిక్‌కు వెళ్లే వాళ్లకు ఏడాది ఖర్చులో బాగా తేడా ఉంటుంది.

## బీమా వద్దు, ఆ డబ్బే దాచుకుందామనే వాదన

ఈ మాట అనేవాళ్లను తేలిగ్గా కొట్టిపారేయలేం. క్లెయిము తిరస్కరణలు చూసి విసిగినవాళ్లు, ప్రభుత్వ ఆసుపత్రి మీద నమ్మకం ఉన్నవాళ్లు ఇలా ఆలోచిస్తారు. పదేళ్లు ఏ పెద్ద జబ్బూ రాకపోతే వాళ్ల దగ్గర కొన్ని లక్షలు మిగిలి ఉంటాయి, ఆ డబ్బుకు ఏ షరతులూ ఉండవు. బీమా కంపెనీ మూడేళ్ల గడువు పెట్టి తిరస్కరించే పరిస్థితిలో ఉన్నవారికి, అంటే విరమణ తర్వాత తీవ్రమైన జబ్బుతో కొత్తగా పాలసీ వెతికేవారికి, కొన్నిసార్లు ఇదొక్కటే మిగిలే దారి.

దీని బలహీనత కాలంలో ఉంది. ఏటా 45,000తో మొదలుపెట్టి దాచినా, మూడో ఏట చేతిలో ఉండేది లక్షన్నర చుట్టుపక్కలే. ఆ ఏడాదే బైపాస్ అవసరమైతే పీఎఫ్ డబ్బు మీదికి పోవాలి. ఆ డబ్బు పోతే నెల ఆదాయం తగ్గుతుంది, జబ్బు నయమయ్యాక కూడా. పీఎఫ్, గ్రాట్యుటీ కలిపి 80 లక్షలు ఉన్న ఇల్లు ఆ దెబ్బ తట్టుకుంటుంది. 25 లక్షలు ఉన్న ఇల్లు తట్టుకోలేదు. అందువల్ల ఈ వాదన సరైనదా కాదా అన్నది మనిషి ధైర్యం మీద కంటే ఉన్న మొత్తం మీదే ఆధారపడుతుంది. తక్కువ డబ్బుతో ముందుగా విరమించేవాళ్లకే బీమా అవసరం ఎక్కువ, అది కట్టడం కష్టమయ్యేదీ వాళ్లకే. వాళ్లకు ఐదు లక్షల లోపు చిన్న ఖర్చులు సొంతంగా భరించి, ఆపై పెద్ద బిల్లులకు సూపర్ టాప్‌అప్ ఒక్కటే ఉంచుకోవడం మధ్యేమార్గం. మూల పాలసీ లేకపోయినా దాన్ని విడిగా అమ్ముతారు.

## ఇద్దరికీ ఒకేరోజు 70 రాదు

వయ వందన కార్డు మనిషికి వస్తుంది, దంపతులకు కాదు. ఆయనకు 70 నిండిన రోజున ఆవిడకు 65. ఆయన కార్డుతో ఆవిడకు చికిత్స జరగదు. పెద్దాయనకు కార్డు వచ్చింది కదా అని కుటుంబ పాలసీ మానేస్తే, ఆవిడ 65వ ఏట బీమా లేకుండా మిగులుతుంది, మళ్లీ కొత్త పాలసీ, మళ్లీ మూడేళ్ల గడువు. మన ఉదాహరణలో ఖాళీ 16 ఏళ్లు కాదు, 21 ఏళ్లు. ఆ చివరి ఐదేళ్లు ఆవిడ ఒక్కరి ప్రీమియం కోసం, ఇద్దరి ప్రీమియంలో సగం అనుకుంటే, విరమణ రోజున మరో 1,85,000 దాకా కలపాలి. దంపతుల మధ్య వయసు తేడా ఎక్కువ ఉన్న ఇళ్లలో, మొదటినుంచే రెండు విడి పాలసీలు తీసుకోవడం లెక్కకు బాగుంటుంది. కుటుంబ పాలసీ ప్రీమియం పెద్దవాళ్ల వయసును బట్టే నిర్ణయిస్తారు, కనుక ఆయన వయసు భారం ఆవిడ వాటా మీద కూడా పడుతుంది.

కార్డుకు వయసును చూసేది ఆధార్‌లోనే. సరిహద్దు జిల్లాల్లో జనన ధ్రువపత్రం లేని తరానికి ఆధార్ తీసినప్పుడు సంవత్సరం మాత్రమే అంచనాగా రాసి, తేదీని జనవరి 1గా వేసిన కార్డులు కోకొల్లలు. కొందరి వయసు మూడు నాలుగేళ్లు తక్కువ పడింది. అలాంటి ఇంట్లో 70 నిండినా ప్రభుత్వం లెక్కలో 66 ఏళ్లే ఉంటుంది, అంటే మరో నాలుగేళ్ల ప్రీమియం. పుట్టిన తేదీని ఆధార్‌లో సాధారణంగా ఒక్కసారే మార్చనిస్తారు, అదీ పత్రం చూపితేనే. పాఠశాల రికార్డు, పీఎఫ్ ఖాతా, పాలసీ, ఆధార్ నాలుగింటిలోనూ ఒకే తేదీ ఉందో లేదో ఉద్యోగంలో ఉండగా, సర్వీసు పుస్తకం ఇంకా కార్యాలయంలో అందుబాటులో ఉన్నప్పుడు చూసుకోవడం సులువు.

70 తర్వాత సొంత పాలసీ ఉంచుకోవాలా వద్దా అన్నది మరో ప్రశ్న. 5 లక్షల ప్రభుత్వ కార్డు చాలా చికిత్సలకు సరిపోతుంది. అయితే మనకు నచ్చిన ఆసుపత్రి అందులో నమోదై ఉండాలి, ఆ చికిత్సకు ప్యాకేజీ ఉండాలి. అప్పటికి మూల పాలసీ ప్రీమియం లక్షన్నర దాటిపోయిన ఇంట్లో, దాన్ని వదిలి ఒక్క సూపర్ టాప్‌అప్‌ను మాత్రం కొనసాగించేవాళ్లు ఉన్నారు. మొదటి ఐదు లక్షలకు ప్రభుత్వ కార్డు, ఆపైన టాప్‌అప్ అన్నది వాళ్ల లెక్క. అయితే కార్డు మీద జరిగిన చికిత్స విలువను టాప్‌అప్ పరిమితిలో లెక్కిస్తారా లేదా అన్నది ఒక్కో పాలసీలో ఒక్కో రకంగా ఉంటుంది కనుక, మూల పాలసీ వదిలే ముందు సంస్థ నుంచి ఆ ఒక్క విషయం రాతపూర్వకంగా తీసుకోవాలి.